ఎల్‌కేజీలో రెండక్షరాలు జర్మన్‌వి

మీ ఇంగ్లిష్ మీడియం చదువు ఏ పదంతో మొదలైందో గుర్తుందా? 'ఏ ఫర్ యాపిల్' కంటే ముందే ఒక పదం వచ్చింది. బడిలో చేర్పించిన రోజు అమ్మానాన్నలు చుట్టాలకు ఫోన్ చేసి 'మావోణ్ని ఎల్‌కేజీలో ఏసినం' అని చెప్పారే, ఆ ఎల్‌కేజీ. లోయర్ కిండర్‌గార్టెన్. అందులో మొదటి 'ఎల్' ఇంగ్లిష్‌ది. మిగిలిన 'కే', 'జీ' రెండూ జర్మన్‌వి. రాజంపేట మండలంలో ఏ ఊళ్లో పుట్టినా, కామారెడ్డిలో డిగ్రీ చదువుతున్నా, ఎల్లారెడ్డి నుంచి రోజూ బస్సులో కోచింగ్‌కు వస్తున్నా, మూడేళ్ల వయసులోనే మీ నోట జర్మన్ పలికింది. అప్పుడెవరూ చెప్పలేదు, అంతే.

ఇప్పుడు చెప్పుకోవడానికి కారణం ఉంది. ఉద్యోగ పరీక్షల కోసం ఇంగ్లిష్ పదాల జాబితాలు బట్టీ పడుతున్న విద్యార్థుల నోట్‌బుక్కుల్లో జైట్‌గైస్ట్, డాపెల్‌గ్యాంగర్, షాడెన్‌ఫ్రాయిడె లాంటివి వరుసగా కనిపిస్తాయి. పక్కన ఒక్కో అర్థం. వారం తిరిగేసరికి ఏ అర్థం దేనిదో కలిసిపోతుంది. తప్పు జ్ఞాపకశక్తిది కాదు. ఈ పదాలను ముక్క చేయకుండా మింగడమే అసలు ఇబ్బంది. ఇవన్నీ సమాసాలు. సమాసాన్ని విడదీసి విగ్రహ వాక్యం రాయడం పదో తరగతి తెలుగు పేపర్లో మార్కుల కోసం మనమంతా చేసిందే. అదే పని ఇక్కడా చేస్తే చాలు. కాకపోతే ఆ పని ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ బోల్తా కొట్టిస్తుందో రెండూ తెలియాలి.

'కిండర్‌గార్టెన్'తోనే మొదలుపెడదాం. జర్మన్‌లో 'కిండ్' అంటే పిల్లవాడు లేదా పిల్ల. 'కిండర్' దానికి బహువచనం, పిల్లలు. 'గార్టెన్' అంటే తోట. మొత్తం కలిపితే పిల్లల తోట. ఇంగ్లిష్‌లో దయగల అనే అర్థంలో ఉన్న 'కైండ్'తో దీనికి సంబంధం అంటగట్టి, 'ఎక్కువ దయ చూపే చోటు' అని చెప్పేవాళ్లు ఉన్నారు. వినడానికి బాగుంటుంది గానీ అది తప్పు. ఇంకో తప్పు స్పెల్లింగ్‌లో వస్తుంది. తోట అంటే ఇంగ్లిష్‌లో గార్డెన్ కాబట్టి చాలామంది మధ్యలో 'డీ' రాస్తారు. ఇది జర్మన్ తోట కాబట్టి 'టీ'. ఆ ఒక్క విషయం తెలిస్తే ఇక ఈ స్పెల్లింగ్ తప్పు పోదు.

ఈ పేరు పెట్టినాయన ఫ్రీడ్రిష్ ఫ్రోబెల్. 1782లో పుట్టాడు. చిన్నప్పుడే తల్లి పోయింది. కుర్రతనంలో అడవుల పని నేర్చుకున్నాడు, తర్వాత స్ఫటికాల గురించి చదివాడు, చివరికి పంతులయ్యాడు. 1837లో జర్మనీలోని బాద్ బ్లాంకెన్‌బుర్గ్ అనే చిన్న ఊళ్లో బడి వయసు రాని పిల్లల కోసం ఒక సంస్థ పెట్టాడు. దానికి మొదట ఉన్న పేరు 'చిన్నపిల్లల పెంపకం, పనిపాటల సంస్థ' అన్నంత పొడుగ్గా, సర్కారు ఆఫీసు బోర్డులా ఉండేది. 1840లో దాన్ని తీసేసి కిండర్‌గార్టెన్ అన్నాడు. పేరు నిలిచిపోయింది.

పిల్లల తోట అంటే ఏమిటి? ఇక్కడే విగ్రహ వాక్యం మనల్ని ఆలోచింపజేస్తుంది. 'పిల్లల యొక్క తోట' అని రాస్తే తోట పిల్లలది. 'పిల్లల కొరకు తోట' అని రాస్తే చతుర్థీ తత్పురుష అవుతుంది. లేదూ, మామిడి తోటలో మామిడి చెట్లు పెరిగినట్టు పిల్లలే మొక్కలై పెరిగే తోటా? ఫ్రోబెల్ మనసులో ఇవన్నీ ఉన్నాయి. పిల్లలు మొక్కలు, పంతులమ్మ తోటమాలి అన్నది ఆయనకిష్టమైన పోలిక. నీళ్లు పోయొచ్చు, కలుపు తీయొచ్చు, కానీ మొక్కను పట్టుకు లాగి పొడుగు చేయలేం అన్నది ఆ పోలికలోని అసలు మాట. అదే సమయంలో ఆయన బడిలో నిజం తోట కూడా ఉండేది. ఒక్కో పిల్లవాడికి ఒక చిన్న మడి ఇచ్చి, అందులో వాడే విత్తు పెట్టి, వాడే నీళ్లు పోసుకునేలా చేశాడు.

అంటే సమాసంలో రెండు ముక్కల అర్థం తెలిసినా, వాటి మధ్య సంబంధం పదంలో రాసి ఉండదు. తెలుగులో మనకిది రోజువారీ అనుభవమే. దగ్గు మందు దగ్గును తగ్గిస్తుంది. ఎలుకల మందు ఎలుకలను చంపుతుంది. పిల్లల మందు పిల్లలకు తాగిస్తాం. మూడింటిలోనూ ముందు మాట, వెనక 'మందు' అంతే. ఏది ఏమిటో తెలిసి వాడతాం కాబట్టి ప్రాణాలతో ఉన్నాం! ఇంగ్లిష్‌లోకి వచ్చిన జర్మన్ పదాల్లోనూ ఇలాంటిది ఒకటుంది. పొడుగు ఒళ్లు, పొట్టి కాళ్లు ఉండే కుక్కను 'డాక్స్‌హుండ్' అంటారు. 'డాక్స్' అంటే బ్యాడ్జర్, బొరియల్లో బతికే ఒక జంతువు. 'హుండ్' అంటే కుక్క, ఇంగ్లిష్ హౌండ్‌కు తోబుట్టువు. బ్యాడ్జర్‌లా కనిపించే కుక్క అనుకుంటే పొరపాటు. బొరియలోకి దూరి బ్యాడ్జర్‌ను వేటాడేందుకు పెంచిన కుక్క అది. కాళ్లు పొట్టిగా ఉండటానికి కారణం ఆ పనే.

ఒక్క విషయం మాత్రం పదంలోనే రాసి ఉంటుంది. చివరి ముక్క. కిండర్‌గార్టెన్ ఒక రకం పిల్ల కాదు, ఒక రకం తోట. డాక్స్‌హుండ్ ఒక రకం బ్యాడ్జర్ కాదు, ఒక రకం కుక్క. మన వ్యాకరణం దీన్నే ఉత్తరపదార్థ ప్రధానం అంటుంది. తత్పురుష సమాసంలో రెండో పదానిదే పెత్తనం. రాజంపేట అనగానే అది ఒక పేట అని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది కదా, అలాగన్నమాట. జర్మన్ సమాసం ఎంత పొడుగున్నా వెనక నుంచి చదవండి. ముందు అది ఏ రకం వస్తువో తేలుతుంది. ఆ తర్వాతే ఎలాంటిదో.

ఊరి పేర్ల దగ్గర మాత్రం జాగ్రత్త. చివరి ముక్కనే నమ్మితే కామారెడ్డి, ఎల్లారెడ్డి ఇద్దరు మనుషులైపోతారు. పేర్ల లోకంలో ఈ సూత్రం నడవదు. ఇంగ్లిష్‌లోకి చేరిన జర్మన్ మాటల్లోనూ అంతే. డీజిల్‌ను ముక్కలు చేస్తే ఏమీ రాలదు, అది రుడాల్ఫ్ డీజిల్ అనే ఇంజినీరు ఇంటిపేరు. హ్యాంబర్గర్ కథ ఇంకా తమాషా. హ్యామ్ అంటే పంది మాంసం కాబట్టి హ్యామ్ ప్లస్ బర్గర్ అని ఇంగ్లిష్ వాళ్లే విడదీసుకున్నారు. కానీ ఆ వంటకంలో వాడేది గొడ్డు మాంసం. అక్కడే అనుమానం రావాలి. అసలు విరుపు హాంబుర్గ్ ప్లస్ 'ఎర్'. హాంబుర్గ్ ఒక పెద్ద రేవు పట్టణం, 'ఎర్' అంటే ఆ ఊరిది. మనం బందరు లడ్డు, హైదరాబాదీ బిర్యానీ అన్నట్టే. ఆ తప్పుడు విరుపు నుంచి 'బర్గర్' అనే కొత్త మాట ఊడిపడి, చీజ్ బర్గర్, వెజ్ బర్గర్ అని లోకమంతా తిరుగుతోంది. తప్పుగా విడదీసినా మాట బతికేసిందన్నమాట. పరీక్షలో మాత్రం మార్కు పోతుంది.

సరే, మళ్లీ కిండర్‌గార్టెన్ దగ్గరికి. ఇంగ్లిష్‌లో గార్డెన్ అనే సొంత మాట ఉండగా ఈ జర్మన్ మాట ఎందుకొచ్చింది? 1851లో ప్రష్యా ప్రభుత్వం కిండర్‌గార్టెన్లను నిషేధించింది. ఫ్రోబెల్ అన్న కొడుకు కార్ల్ ఫ్రోబెల్ రాసిన తీవ్ర భావాల రచనను ఈయన ఖాతాలో వేశారన్నది చరిత్రకారులు చెప్పే ఒక కారణం. ఇంటిపేరు ఒకటే కావడంతో వచ్చిన తంటా! మరుసటి ఏడాదే ఫ్రోబెల్ చనిపోయాడు. నిషేధం 1860 దాకా తొలగలేదు. ఈలోగా రాజకీయ కారణాలతో దేశం విడిచిన జర్మన్ కుటుంబాలు ఆ పద్ధతిని వెంట తీసుకెళ్లాయి. 1856లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం వాటర్‌టౌన్‌లో మార్గరెట్ షుర్జ్ అనే ఆమె తన ఇంట్లోనే కొద్దిమంది పిల్లలతో కిండర్‌గార్టెన్ మొదలుపెట్టింది. అక్కడ మాట్లాడింది జర్మనే. 1860లో బోస్టన్‌లో ఎలిజబెత్ పీబడీ ఇంగ్లిష్‌లో నడిచే కిండర్‌గార్టెన్ తెరిచింది. పద్ధతి, పంతులమ్మలు, ఆట వస్తువులు అన్నీ ఒక మూటగా వచ్చాయి. మూట మీద పేరు జర్మన్‌లో ఉంది. అదే ఉండిపోయింది. అరువు మాటలు చాలావరకు ఇలాగే వస్తాయి. బస్సు వచ్చింది, బస్సు అన్నాం.

మాట ప్రయాణం చేస్తే అర్థం కూడా కొంత జారుతుంది. జర్మనీలో కిండర్‌గార్టెన్ బడిలో భాగం కాదు. మూడేళ్ల నుంచి ఆరేళ్ల దాకా పిల్లలు ఆడుకునే చోటు, అక్షరాలు దిద్దించడం ఆరేళ్ల తర్వాత బడిలోనే. అమెరికాలో కిండర్‌గార్టెన్ అంటే ఐదేళ్ల వయసులో చదివే ఒక ఏడాది తరగతి. మన దగ్గర లోయర్, అప్పర్ అని రెండేళ్లు, బ్యాగు, హోంవర్కు, పరీక్షలతో సహా. తోట మాత్రం చాలా చోట్ల లేదు. నిజానికి ఫ్రోబెల్ ఆలోచనకు పేరులోనైనా దగ్గరగా ఉన్నది మన అంగన్‌వాడీ. ఆంగన్ అంటే వాకిలి, ముంగిలి. ఒకరు తోట అన్నారు, ఇంకొకరు వాకిలి అన్నారు. తరగతి గది అని ఎవరూ అనలేదు, గమనించండి.

ఇక జైట్‌గైస్ట్. 'జైట్' అంటే కాలం. 'గైస్ట్' దగ్గర కొంచెం ఆగాలి. ఇది ఇంగ్లిష్ 'ఘోస్ట్'కు తోబుట్టువు, కానీ జర్మన్‌లో దాని పరిధి చాలా పెద్దది. దయ్యం, ఆత్మ, బుద్ధి మూడూ అందులో ఇముడుతాయి. పాత ఇంగ్లిష్ బైబిల్లో పరిశుద్ధాత్మను హోలీ ఘోస్ట్ అనేవారు, అప్పుడు ఇంగ్లిష్‌లోనూ ఆ పరిధి ఉండేది. తర్వాత ఘోస్ట్ దయ్యంగా మిగిలిపోయింది. అందుకే జైట్‌గైస్ట్‌ను 'కాలపు దయ్యం' అని తర్జుమా చేస్తే నవ్వులపాలవుతాం. 'కాలం యొక్క ఆత్మ' అన్నది సరైన విగ్రహ వాక్యం. అదే గైస్ట్ 'పోల్టర్‌గైస్ట్'లో మాత్రం దయ్యమే. 'పోల్టర్న్' అంటే దడదడ చప్పుడు చేయడం. సామాన్లు విసిరేసి గోల చేసే దయ్యం అది. చివరి ముక్క ఒకటే అయినా, అందులోని ఏ అర్థం పట్టుకోవాలో ముందు ముక్క చెబుతుంది.

తెలుగులో గైస్ట్‌కు సరిసాటి వెతికితే నాకు ఒకే మాట తోస్తుంది. గాలి. ఊపిరిగా పీల్చేది గాలి. పిల్లవాడికి జ్వరమొస్తే 'గాలి సోకింది' అని పెద్దవాళ్లు అనే గాలి దయ్యం తాలూకు. ఎన్నికలప్పుడు 'ఈసారి గాలి అటు తిరిగింది' అంటే అది జనం మనసు. 'ఈ కాలపు గాలి' అనుకుంటే జైట్‌గైస్ట్ దాదాపు అచ్చుగుద్దినట్టు దిగుతుంది. పండితుల భాష కావాలంటే యుగధర్మం కూడా దగ్గరి మాటే, కాకపోతే అందులో చేయవలసింది అనే వాసన కొంత ఉంది. జైట్‌గైస్ట్‌లో అది లేదు. మంచో చెడో, ఆ కాలం ఎలా ఆలోచించిందో అంతే.

ఈ మాటను పద్దెనిమిదో శతాబ్దంలో జర్మన్ ఆలోచనాపరుడు హెర్డర్ వాడాడు. ఇంగ్లిష్‌లో దీన్ని వాడుకలోకి తెచ్చినవారిలో కవి, విమర్శకుడు మాథ్యూ ఆర్నాల్డ్ ముఖ్యుడు. ఇప్పుడు గ్రూప్ డిస్కషన్లలో ట్రెండ్ అనాల్సిన చోటల్లా జైట్‌గైస్ట్ పడేస్తున్నారు. రెండూ ఒకటి కాదు. వారం రోజులు అందరి ఫోన్లలో మోగిన పాట ట్రెండ్. మన కామారెడ్డి, నిజామాబాద్ పల్లెల్లో ఒక తరం కుర్రాళ్లకు పది పాసైనా ఫెయిలైనా 'దుబాయి పోవాలె' అన్నదే బతుకు దారిగా కనిపించింది చూడండి, పెళ్లి సంబంధాల్లోనూ, ఇల్లు కట్టుకోవడంలోనూ, అప్పుల్లోనూ అదే ఆలోచన నడిచింది చూడండి, అది జైట్‌గైస్ట్. పైకి కనిపించే ఒక్క సంగతి కాదు, చాలా సంగతుల వెనక ఉన్న మనసు.

పలకడం గురించి ఒక మాట. జర్మన్‌లో 'ఇ' తర్వాత 'ఐ' అక్షరం వస్తే 'ఐ' అని, 'ఐ' తర్వాత 'ఇ' వస్తే 'ఈ' అని పలకాలి. రెండో అక్షరం ఇంగ్లిష్ పేరే దాని ఉచ్చారణ అని గుర్తుపెట్టుకుంటే చాలు. ఐన్‌స్టైన్ పేరులో మొదటి జత రెండుసార్లు ఉంది, డీజిల్‌లో రెండోది ఉంది. జైట్‌గైస్ట్‌లో రెండు చోట్లా మొదటి జతే. ఇంటర్వ్యూలో 'జీట్‌గీస్ట్' అన్నారంటే పుస్తకంలో చూశారే తప్ప ఎక్కడా వినలేదని అవతలివారికి అర్థమైపోతుంది.

డాపెల్‌గ్యాంగర్‌లో 'గ్యాంగ్' చూసి ముఠా అనుకోకండి. 'డోపెల్' అంటే జంట, రెండింతలు. 'గెంగర్' అంటే నడిచేవాడు, వెళ్లేవాడు. జర్మనీ వీధి బోర్డుల మీద 'ఫూస్‌గెంగర్' అని కనిపిస్తుంది. ఫూస్ అంటే పాదం. పాదంతో వెళ్లేవాడు. మనం పాదచారి అంటామే, ముక్కకు ముక్క అదే. ఆ లెక్కన డాపెల్‌గ్యాంగర్ 'జంటగా తిరిగేవాడు'. ఈ మాటను 1796లో జాన్ పాల్ అనే రచయిత తన 'జీబెన్‌కేస్' నవలలో పుట్టించాడు. అందులో హీరో, అతని స్నేహితుడు అచ్చం ఒకేలా ఉంటారు, పేర్లు కూడా మార్చుకుంటారు. చిత్రమేమిటంటే మనం ఇప్పుడు వాడే రూపాన్ని ఆ నవలలో రెండు వడ్డనలు ఒకేసారి తెచ్చిన భోజనానికి వాడాడు. జర్మన్‌లో 'గాంగ్' అంటే నడక, భోజనంలో ఒక్కో వడ్డన కూడా. మనుషులకు వాడిన రూపంలో మధ్యలో ఒక 'టీ' ఎక్కువగా ఉండేది. తర్వాతి వాళ్లు ఆ 'టీ' తీసేశారు, భోజనం అర్థాన్ని మరిచిపోయారు.

అర్థం ఎంతవరకు? పోలికలు ఉన్న రక్తసంబంధం లేని మనిషి డాపెల్‌గ్యాంగర్. కవలలు కారు. 1964లో వచ్చిన 'రాముడు భీముడు' సినిమాలో ఎన్టీఆర్ వేసిన రెండు పాత్రలు ఒకరి చోటుకు ఒకరు వెళ్లినంతసేపూ చుట్టూ ఉన్నవాళ్ల కళ్లకు డాపెల్‌గ్యాంగర్లే. అన్నదమ్ములని తేలిన క్షణం నుంచి ఆ మాట సరిపోదు. జర్మన్ కథల్లో తన డాపెల్‌గ్యాంగర్ తనకే ఎదురుపడటం కీడుకు సూచన. ఇంగ్లిష్‌లో ఆ భయం చాలావరకు పోయింది, సరదాగానే వాడుతున్నారు. ఆ సరదాలోనే చెప్పాలంటే మన రాజంపేటకూ ఒక డాపెల్‌గ్యాంగర్ ఉంది, కడప వైపు. ఆన్‌లైన్ దరఖాస్తుల్లో ఊరి పేరు ఒక్కటే కొట్టి మ్యాప్ తెరిచినవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు.

జర్మన్‌లో ఈ పదంలోని 'ఏ' అక్షరం మీద రెండు చుక్కలు ఉంటాయి. ఉమ్లౌట్ అంటారు. ఇంగ్లిష్ పరీక్షలో ఆ చుక్కలు అక్కర్లేదు. జర్మన్ ఫారాలు నింపేటప్పుడు చుక్కలు కొట్టే వీలు లేకపోతే ఆ అక్షరం పక్కన 'ఇ' చేర్చి రాస్తారు. చుక్కలు ఊరికే వదిలేస్తే అక్కడ అది వేరే మాట అయిపోవచ్చు.

తెలిసిన మాటలా కనిపించి మోసం చేసే ముక్కలు కూడా ఉన్నాయి. వాండర్‌లస్ట్‌లో 'లుస్ట్' అంటే ఇంగ్లిష్‌లోలాగ కామం కాదు, ఇష్టం, కోరిక. 'వాండర్న్' అంటే దారి తెన్నూ లేకుండా తిరగడం కాదు, కొండల్లో కాలినడకన వెళ్లడం. షాడెన్‌ఫ్రాయిడెలో షాడెన్ నష్టం, ఫ్రాయిడె సంతోషం. చివరి ముక్క సంతోషం కాబట్టి ఇది ఒక రకం సంతోషమే, దుఃఖం కాదు. పక్కింటోడి బండి పంక్చరైతే లోపల కలిగేది. ఆబ్జెక్టివ్ ప్రశ్నలో నాలుగు ఆప్షన్లలో బాధకు సంబంధించిన రెండింటిని ఈ ఒక్క ఆధారంతో కొట్టేయొచ్చు.

పరీక్షల సంగతి పక్కన పెడితే, ఈ విద్య అక్కరకొచ్చే చోటు ఇంకోటి మన జిల్లాకు దగ్గరగా వచ్చింది. గల్ఫ్ దారి పట్టిన ఊళ్లలోనే ఇప్పుడు జర్మనీ మాట వినిపిస్తోంది. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సింగ్ చదివినవాళ్లకు జర్మన్ నేర్పించి పంపే ప్రకటనలు ఇస్తోంది. హైదరాబాద్‌లో గోథె సెంట్రుమ్‌లో కోర్సులు, పరీక్షలు నడుస్తున్నాయి. ప్రైవేటు ఏజెంట్లు సరేసరి. చేతికొచ్చే కాగితాలన్నీ జర్మన్ సమాసాలతో నిండి ఉంటాయి.

ఒకటి విడదీసి చూద్దాం. క్రాంకెన్‌ఫెర్‌జిషెరుంగ్స్‌కార్టె. జర్మన్‌లో 25 అక్షరాలు. భయపడకుండా వెనక నుంచి రండి. చివర 'కార్టె', అంటే కార్డు. చాలు, ఇది మందు కాదు, ఆసుపత్రి కాదు, ఒక కార్డు. దాని ముందు 'ఫెర్‌జిషెరుంగ్', బీమా. మొదట 'క్రాంకెన్', జబ్బుపడినవారు. బీమాకు కార్డుకు మధ్య మిగిలిన 'స్' ఏమిటి? దానికి అర్థం లేదు, అతుకు మాత్రమే. సముద్రం, ఒడ్డు కలిపితే సముద్రపు ఒడ్డు అయినప్పుడు మధ్యలో వచ్చే 'పు' లాంటిది. మొత్తం మీద ఆరోగ్య బీమా కార్డు. తెలుగులోనూ అవే మూడు ముక్కలు, అదే వరుసలో. 'క్రాంకెన్' పట్టుబడితే వెనక 'హౌస్' చేర్చినప్పుడు ఆసుపత్రి అని, 'వాగెన్' చేర్చినప్పుడు అంబులెన్స్ అని నిఘంటువు తీయకుండానే తెలుస్తుంది. నర్సుగా వెళ్లేవారికి మొదటి వారమే ఎదురయ్యే మాటలివి.

ఇప్పుడు అసలైన కాగితం, ఒప్పందం. జర్మన్‌లో 'ఫెర్‌ట్రాగ్' అంటే ఒప్పందం. 'ఆర్బైట్స్‌ఫెర్‌ట్రాగ్' అంటే పని ఒప్పందం, మామూలు ఉద్యోగం. 'ఆవుస్‌బిల్డుంగ్స్‌ఫెర్‌ట్రాగ్' అంటే వృత్తి శిక్షణ ఒప్పందం. ఆవుస్‌బిల్డుంగ్ అంటే కొన్ని రోజులు సంస్థలో పని, కొన్ని రోజులు వృత్తి బడిలో చదువు. సాధారణంగా రెండు నుంచి మూడున్నరేళ్లు సాగుతుంది. నెలనెలా డబ్బు వస్తుంది, కానీ అది శిక్షణలో ఉన్నవారికిచ్చే మొత్తం, పూర్తి జీతం కాదు. 'ప్రాక్టికుమ్స్‌ఫెర్‌ట్రాగ్' అంటే ఇంటర్న్‌షిప్ ఒప్పందం, గడువుతో ముగిసిపోయేది.

మూడింటికీ చివరి ముక్క ఒకటే. మూడూ ఒప్పందాలే. ఏజెంట్ 'కాంట్రాక్టు వచ్చింది' అని చెబితే అబద్ధం కూడా కాదు. తేడా అంతా ముందు ముక్కలో ఉంది, లక్షలు అప్పు చేసి వెళ్లాలా వద్దా అన్నది దాని మీదే ఆధారపడి ఉంది. అలాగే 'ష్ప్రాఖ్‌కుర్స్' అని రాసి ఉన్న కాగితంలో చివరి ముక్క 'కుర్స్', అంటే కోర్సు. ష్ప్రాఖె అంటే భాష. అది భాషా తరగతిలో సీటు దొరికినట్టు చెప్పే కాగితం. దాన్ని ఉద్యోగ పత్రమని చూపిస్తే, ఫెర్‌ట్రాగ్ అన్న మాట ఎక్కడుందో వేలు పెట్టి చూపించమని అడగండి.